రెండు వేలతో పొందూరు చీర

మా ఆడపడుచు కొడుకు వైజాగ్‌లో డిజిటల్ మార్కెటింగ్ చేస్తాడు. ఈ ఒక్క ముక్క ముందే చెప్పేస్తే మిగతా కథ సగం మీకే అర్థమైపోతుంది. సంక్రాంతికి పొందూరు దగ్గర మగ్గాల మీద చీరలు నేయించి, ముందే బుకింగ్ తీసుకుని అమ్ముదామని నేను ఒక క్యాప్షన్ రాసుకున్నాను. చీర 6,400, అడ్వాన్స్ 2,000, ఎప్పటికి వస్తుంది, రద్దు చేసుకుంటే ఏమవుతుంది, అంతా వరసగా. వాడు చూసి "అత్తా, ఇది తహసీల్దార్ ఆఫీసు నోటీసులా ఉంది, చూసేవాళ్లని ఆపే హుక్ లేదు" అన్నాడు. హుక్ పెట్టాడు. పోస్ట్ చేసేశాడు.

హుక్ ఇదీ: "రెండు వేలతో పొందూరు చీర మీ సొంతం! 45 రోజుల్లో మీ గుమ్మంలో! మనసు మారిందా? క్యాన్సిల్!" దాని కింద పూల బొమ్మలు, ఖాళీ, మళ్లీ పూల బొమ్మలు, ఆ తర్వాత నేను రాసిన షరతులు. ఫోన్‌లో మొదటి రెండు లైన్లే కనిపిస్తాయి కదా, నా షరతులన్నీ "మరిన్ని" అనే మాట వెనకాల దాక్కున్నాయి. మా పెద్దత్తయ్య ఆ రెండు లైన్లనీ స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. స్క్రీన్‌షాట్‌లో "మరిన్ని" నొక్కడానికి ఉండదు.

తర్వాత విజయనగరంలో పెళ్లి. బంతిలో కూర్చున్నాను, ఆకు మీద నీళ్లు చల్లుకున్నాను, పులిహోర నాకింకా రెండు ఆకుల దూరంలో ఉంది. అప్పుడు ఎదురు వరసలోంచి పెద్దత్తయ్య గొంతు. ఆవిడ గొంతు మేళాన్ని కూడా దాటి వినిపిస్తుంది.

"ఏటమ్మా, రెండు వేలకే చీర అన్నావు, పదో తారీకున కట్టేశాను. మళ్లీ నాలుగు వేల నాలుగొందలు ఏటి?"

అది అడ్వాన్స్ అత్తయ్యా అన్నాను. "అడ్వాన్స్ అని ఎక్కడుంది?" అని ఫోన్ తీసి, కళ్లజోడు కోసం సంచీ అంతా వెతికి, దొరక్క, ఫోన్ పక్కాయన చేతిలో పెట్టింది. ఆ పక్కాయన రిటైరైన హెడ్మాస్టారు. అంతే, నా క్యాప్షన్ తెలుగు వాచకం అయిపోయింది. ఆయన ఒక్కో వాక్యం గట్టిగా చదవడం, ఆగడం, కళ్లజోడు మీదుగా నా వైపు చూడడం. పులిహోర బకెట్ కుర్రాడు కూడా ఆగిపోయాడు.

"రెండు వేలతో మీ సొంతం. దీనికి అర్థం ఏమిటమ్మా?"

ఆ రెండు వేలు నేను బీరువాలో పెట్టుకునేది కాదు మాస్టారూ, నూలుకి, రంగుకి, మగ్గం మీద నిలువు పోగుల పడుగు తయారుచేసే వాళ్ల కూలికి ముందే వెళ్లిపోతుంది, నేతగాడు అప్పు చేసి నా చీర మొదలుపెట్టకూడదు కదా అని చెప్పాను. ఆయన తల ఊపాడు. "అయితే ఆ మాటే మొదటి లైనులో రాయాలి." రాశానండీ మహానుభావా, రాసిందాన్ని తీసి పూల బొమ్మలు పెట్టారు. ఇది పైకి అనలేదు, ఆడపడుచు పక్కనే కూర్చుంది.

"రెండోది. 45 రోజుల్లో. ఏ రోజు నుంచి?"

ఇక్కడ పెద్దత్తయ్య అందుకుంది. నవంబరు పదో తారీకున కట్టింది కాబట్టి డిసెంబరు 25కి చీర రావాలట, ఆ చీర కట్టుకునే కూతురింటికి వెళ్తానని వియ్యపురాలికి చెప్పేసిందట. మన లెక్క అది కాదు. ఒక్క చీర కోసం ఎవరూ మగ్గానికి పడుగు ఎక్కించరు, మా నేతగాడు నాలుగు చీరలకి కలిపి ఒక పడుగు వేస్తాడు. పడుగు రంగు నలుగురికీ ఒకటే, అడ్డ పోగుల పేకా కొంగూ ఎవరివి వాళ్లవి. కాబట్టి నాలుగో అడ్వాన్స్ వచ్చిన రోజు నుంచే 45 లెక్క. నాలుగోది 22న వస్తే చీర జనవరి 6కి. అందులో రంగుకీ పడుగుకీ గంజికీ పది రోజులు, చీరకి వారం చొప్పున నాలుగు వారాలు, మిగిలిన వారం వానకి.

"వానకి ఏటి?" అంది పెద్దత్తయ్య.

పడుగుని వీధిలో పొడుగ్గా చాపి గంజి పట్టించి ఎండలో ఆరబెట్టాలి అత్తయ్యా, ముసురు పడితే ఆ పని జరగదు, తడిసిన గంజి పోగుల్ని అంటించేస్తుంది, గుంత మగ్గం అయితే గుంతలోకి నీళ్లే దిగుతాయి అన్నాను. తుఫాను మాట ఎత్తడమే ఆలస్యం, వరసంతా 2018 తిత్లీలోకి వెళ్లిపోయింది. ఎవరి జీడితోట పోయింది, పలాసలో ఎన్ని రోజులు కరెంటు లేదు, ఎవరి రేకులు ఎవరి పెరట్లో పడ్డాయి. హమ్మయ్య అనుకున్నాను. పులిహోర కూడా ఆకులో పడింది. మాస్టారు మాత్రం ఫోన్ దించలేదు.

"మూడోది. క్యాన్సిల్."

గంజి పెట్టకముందు రద్దు చేసుకుంటే మొత్తం వాపసు, గంజి పెట్టాక అడ్వాన్స్ రాదు, ఎందుకంటే అప్పటికి మీరు చెప్పిన రంగులో నూలు అద్దేసి ఉంటుంది. ఇది చెప్పి పనసపొట్టు కూర కలుపుకుంటుంటే మాస్టారి అల్లుడు దగ్గాడు. ఆయన లాయరు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, అమ్మేవాళ్లు తమంతట తాము ఆర్డర్ రద్దు చేస్తే అలాంటి చార్జీనే భరించడానికి సిద్ధంగా లేనప్పుడు, కొనేవాళ్ల దగ్గర రద్దు చార్జీ తీసుకోకూడదట. కారణం ఏదైనా సరేనట.

"అంటే మీరు నేయలేక చేతులెత్తేస్తే?"

సరే, అడ్వాన్స్ వాపసు ఇచ్చి, పైన ఇంకో రెండు వేలు ఇస్తాను అన్నాను. ఏదో ఒకటి అనేసి దప్పళం తిందామని అన్నాను. వెంటనే వరస చివర్నుంచి మా చిన్న మరిది లేచి నిలబడ్డాడు. "వదినా, నాకు ఐదు చీరలు బుక్ చెయ్యి. తుఫాను వస్తే పదివేలు కడితే ఇరవై వేలు." బంతి మొత్తం నవ్వు. పులిహోర కుర్రాడు బకెట్ కింద పెట్టి మరీ నవ్వాడు. తనకీ ఒకటి బుక్ చేయమన్నాడు, చీర రంగు అడిగితే "చీర వద్దక్కా, తుఫానే" అన్నాడు.

ఆడపడుచు అంది, "మావాడి పోస్టు ఎంత రీచ్ అయిందో చూశావా వదినా."

ఇంటికొచ్చి క్యాప్షన్ మళ్లీ రాశాను. మొదటి లైనులోనే "ధర 6,400, ఇప్పుడు కట్టేది 2,000, నాలుగో అడ్వాన్స్ అందిన రోజు నుంచి 45 రోజులు". ఫొటో మీద కూడా అదే వేయించాను, ఎవరు స్క్రీన్‌షాట్ తీసినా అదీ వెళ్తుందని. రద్దు సంగతి రెండు వైపులదీ ఆ కిందే. వాడు చూసి డల్‌గా ఉందన్నాడు.

మాస్టారు చేతులు కడుక్కుంటూ ఆ రోజే చెప్పారు, "షరతులు ఇప్పుడు స్పష్టంగా ఉన్నాయమ్మా, మా ఆవిడకి ఒకటి రాసుకో, నాలుగోది నాదే." అప్పటికి మూడు అడ్వాన్సులు వచ్చి ఉన్నాయి. మెంతి రంగు పేక, మెరూన్ కొంగు అని కూడా చెప్పారు. నేతగాడు నూలు కొనాలా వద్దా అని రోజూ ఫోన్ చేస్తున్నాడు, పెద్దత్తయ్య పొద్దున్నా సాయంత్రం చేస్తోంది. మాస్టారు అడ్వాన్స్ ఇంకా పంపలేదు.