ముసలి మాటలు, స్టాప్‌వాచ్ మీద బొటనవేలు

సైకాలజీ పాఠ్యపుస్తకాల మీద ఈమధ్య జరుగుతున్న దౌర్జన్యం చూస్తూ ఊరుకోలేక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఎవరో కష్టపడి ఒక ప్రయోగం చేస్తారు. అది పుస్తకంలోకి ఎక్కుతుంది. విద్యార్థులు దాన్ని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకుంటారు. అంతా సవ్యంగా సాగుతుండగా ఇంకెవరో వచ్చి, "అదే ప్రయోగం మళ్ళీ చేసి చూశామండీ, ఏమీ రాలేదు" అంటారు. అసలు వీళ్ళని చేయమన్నదెవరు? ఫలితాలు వచ్చిన పదహారేళ్ళకు జవాబు పత్రాలు మళ్ళీ దిద్దుతామనేవాళ్ళని ఎక్కడైనా చూశామా?

నేను వకాల్తా పుచ్చుకుంటున్న కేసు 1996 నాటిది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో జాన్ బార్గ్, మార్క్ చెన్, లారా బరోస్ చేసిన ప్రయోగం. విద్యార్థులను పిలిచి, ఇది భాషకు సంబంధించిన పరీక్ష అని చెప్పారు. చిందరవందరగా ఇచ్చిన అయిదు మాటల్లోంచి నాలుగు ఏరి వాక్యం కట్టాలి. ఇలాంటివి 30. సగం మందికి ఇచ్చిన మాటల్లో ముసలితనాన్ని గుర్తుచేసేవి కలిపారు: నెరిసిన, ముడతలు, ఒంటరి, మతిమరుపు, ఫ్లోరిడా. (ఫ్లోరిడా ఎందుకంటే, రిటైరైన అమెరికన్లు చేరే చోటు అదని అక్కడివాళ్ళకు పేరు వినగానే తడుతుంది.) నెమ్మది, మెల్లగా లాంటి మాటలు మాత్రం ఒక్కటీ లేకుండా జాగ్రత్తపడ్డారు. మిగతా సగానికి మామూలు మాటలే.

పరీక్ష అయిపోయింది, వెళ్ళొచ్చు అన్నారు. అసలు పరీక్ష అప్పుడే మొదలైంది. కారిడార్‌లో తొమ్మిదిన్నర మీటర్ల పైచిలుకు దూరం కొలిచి పెట్టారు. కుర్చీలో ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు కూర్చున్న మనిషి దగ్గర ఒక స్టాప్‌వాచ్ దాచి ఉంది. మామూలు మాటలు చదివినవాళ్ళు ఆ దూరం సుమారు 7.3 సెకన్లలో నడిచారు. ముసలి మాటలు చదివినవాళ్ళకు 8.3 పట్టింది. కాగితం మీద ముడతల గురించి చదివితే కాళ్ళకు ముసలితనం వచ్చేసింది! ఇంత అందమైన కథ దొరికాక పుస్తకం రాసేవాడు వదులుకుంటాడా? నేనైతే వదులుకోలేదు. ఏళ్ళ తరబడి క్లాసులో చెప్పాను. నిద్రపోతున్న చివరి బెంచీ కూడా లేచి వినే పాఠం ఇదొక్కటే.

ఇక దౌర్జన్యం సంగతి. 2012లో బ్రస్సెల్స్‌లో స్టెఫాన్ డోయెన్, ఆయన సహచరులు ఇదే ప్రయోగాన్ని 120 మందితో చేశారు. కుర్చీలో మనిషిని తీసేసి, కారిడార్‌కి రెండు వైపులా ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు పెట్టారు. మనిషి దాటగానే సమయం దానంతటదే నమోదవుతుంది. రెండు గుంపులూ ఒకే వేగంతో నడిచాయి. ఫ్లోరిడా పనిచేయలేదు.

అక్కడితో ఆగి ఉంటే మర్యాదగా ఉండేది. వాళ్ళు రెండో ప్రయోగం చేశారు. ఈసారి ప్రయోగం నిర్వహించేవాళ్ళనే ప్రయోగంలో పెట్టారు. కొందరితో "ముసలి మాటలు చదివినవాళ్ళు మెల్లగా నడుస్తారు" అని, ఇంకొందరితో "వేగంగా నడుస్తారు" అని ముందే చెప్పి, చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చారు. సెన్సర్లు కూడా పక్కనే పనిచేస్తున్నాయి. మెల్లగా నడుస్తారని నమ్మిన నిర్వాహకుల స్టాప్‌వాచ్‌లో ముసలి మాటలు చదివినవాళ్ళు మెల్లగానే నడిచారు. అంతకన్నా విచిత్రం, సెన్సర్లు కూడా వాళ్ళు కొంచెం మెల్లగా నడిచారనే చెప్పాయి. అంటే మెల్లగా నడుస్తారని నమ్మిన నిర్వాహకుడి ముఖంలోనో మాటలోనో ఏదో ఉండి, అది నడిచేవాళ్ళకు అంటిందన్నమాట. ఆ నమ్మకం లేని నిర్వాహకుల దగ్గర సెన్సర్లకు ఆ నెమ్మది దొరకలేదు. కాగితం మీది మాటలకు ఉందనుకున్న మహిమ బొటనవేలికీ, దాని యజమానికీ చెందినదని తేల్చారు. ఒక బొటనవేలిని ఇంతలా అవమానించడం నేనెక్కడా చూడలేదు.

బార్గ్ ఊరుకోలేదు. తమ ప్రయోగంలో ఎవరు ఏ కాగితం చేశారో నిర్వాహకుడికి తెలియదని, బ్రస్సెల్స్‌వాళ్ళు పద్ధతి సరిగా పాటించలేదని గట్టిగానే సమాధానమిచ్చారు. ఇదొక చక్కటి వాదం. దీన్ని పొడిగించుకుంటూ పోతే ఏ ప్రయోగమూ ఎన్నటికీ ఓడిపోదు. రాకపోతే మాటలు తప్పు, లేదా దేశం తప్పు, కాదంటే కారిడార్ తప్పు. వచ్చినప్పుడు మాత్రం అది మానవజాతి మొత్తానికి వర్తిస్తుంది.

శాంపిల్ చిన్నదని కూడా కొందరు గొణుగుతున్నారు. ఉన్నది 30 మంది, గుంపుకు 15. ఇందులో ఇబ్బందేమిటో లెక్క వేద్దాం. ఒక కుర్రాడు షూ లేసు కట్టుకోవడానికి ఆగి, ఏడున్నర సెకన్ల దారికి 12 సెకన్లు తీసుకున్నాడనుకోండి. పదిహేనుమంది సగటు వాడొక్కడి వల్లే 0.3 సెకన్లు పెరుగుతుంది. అలాంటివాళ్ళు ముగ్గురు ఒకే గుంపులో పడితే 0.9. శాస్త్ర చరిత్రలోకి ఎక్కిన తేడాయే సుమారు ఒక సెకను. గణాంక పరీక్షలు ఇలాంటి ఎగుడుదిగుళ్ళను లెక్కలోకి తీసుకుంటాయి, నిజమే. కానీ అసలు తేడాయే లేని చోట కూడా ఆ పరీక్షలు ఇరవైలో ఒకసారి "ఉంది" అంటాయి. ఆ ఒక్కటి జర్నల్‌లో అచ్చవుతుంది, మిగతా పంతొమ్మిది సొరుగులో పడుకుంటాయి. బార్గ్ బృందం ఇంకో 30 మందితో మళ్ళీ చేస్తే మళ్ళీ అదే వచ్చిందన్నది కూడా చెప్పాలి. సమయం చూసింది అప్పుడూ మనిషే.

ఈ గొడవలో నాకు బాగా జాలి వేసేది సైకాలజిస్టు డేనియల్ కానెమన్ మీద. 1971లో ఆయనే ఆమోస్ ట్వెర్‌స్కీతో కలిసి, చదువుకున్న పరిశోధకులు కూడా చిన్న శాంపిల్‌ని అతిగా నమ్ముతారని వ్యాసం రాశారు. 2002లో నోబెల్ వచ్చింది. 2011లో వచ్చిన పుస్తకంలో ఈ ముసలి మాటల బాపతు ఫలితాలన్నీ ఏకరువు పెట్టి, వీటిని నమ్మకపోయే అవకాశం మీకు లేదు అన్నారు. మరుసటి ఏడాదే ఆ రంగం పరిశోధకులకు ఈమెయిల్ పంపి, రైలు ప్రమాదం జరగబోతోంది, ఒకరి ప్రయోగాలు ఒకరు చేసి చూసుకోండి అని బతిమాలారు. 2017లో, చిన్న శాంపిల్ అధ్యయనాలను తాను అతిగా నమ్మానని బహిరంగంగా ఒప్పుకున్నారు. తను రాసిన వ్యాసానికి తనే ఉదాహరణ కావడం ఎంతమందికి దక్కుతుంది?

2015లో ఇంకో పెద్ద బృందం అచ్చయిన 100 అధ్యయనాలను తిరగచేసింది. అసలువాటిలో 97 శాతం విజయాలు. మళ్ళీ చేస్తే 36 శాతం. మిగతావన్నీ అబద్ధాలని దీనర్థం కాదు. రెండోసారి చేసినవాళ్ళూ పొరబడవచ్చు. అయినా పుస్తకంలో ఏది ఏ గుంపులోదో పేజీ చూసి కనిపెట్టలేం, అన్నీ ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి. అందుకే నేను పాత ఎడిషనే వాడుతున్నాను.

మొన్న కూడా ఈ పాఠం చెప్పాను. నెరిసిన, ముడతలు, మతిమరుపు అని బోర్డు మీద రాసి బయటికొచ్చాక, కారిడార్‌లో నా నడక మందగించినట్టు స్పష్టంగా తెలిసింది. బ్రస్సెల్స్‌వాళ్ళకు ఇంకేం రుజువు కావాలి? టైము నేనే చూసుకున్నాను.