బూరెల మూకుడు పని వెడల్పాటి ప్యాన్ చేస్తుందా?

“బూరెల మూకుడు నిండా నూనె పొయ్యడం దండగ. వెడల్పాటి ప్యాన్‌లో పావు లీటరు పోసుకుంటే చాలు, ఏ డీప్ ఫ్రై అయినా అదే మంట మీద, అదే టైముకి వచ్చేస్తుంది. నూనె తక్కువ కాబట్టి ఒంటికీ తక్కువే పడుతుంది, ప్రమాదం కూడా ఉండదు.”

“ఏ డీప్ ఫ్రై అయినా” అన్న మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే తప్పంతా అక్కడి నుంచే వస్తోంది. మూకుడులో వేగే వస్తువుకి అన్ని వైపులా నూనే ఉంటుంది. ప్యాన్‌లో పావు లీటరు పోస్తే కింద వేడి లోహం, పక్కన సగం వరకూ నూనె, పైన గాలి. బల్లపరుపుగా ఉండి, ఒక్కసారి తిరగేస్తే రెండు ముఖాలూ వేగిపోయే వాటికి ఇది సరిపోతుంది. చేప ముక్కలు, అరటికాయ చక్రాలు, వంకాయ చక్రాలు, పలచగా తట్టిన మసాలా వడలు ఈ కోవలోవి. గుండ్రటి వాటికి ఇది పనికిరాదు.

పూర్ణం బూరెనే తీసుకోండి. తోపు పిండిలో ముంచిన ఉండ నూనెలో పడగానే చుట్టూ ఒకేసారి పొర గట్టిపడాలి. సగమే మునిగితే పైభాగంలో పిండి పచ్చిగా ఉండిపోయి కిందికి జారుతుంది, అక్కడ పొర పలచబడుతుంది. తిరగేసేసరికి ఆ పలచని చోటే చిట్లి పూర్ణం నూనెలో కలుస్తుంది. బెల్లం అడుగంటి మాడుతుంది, నూనె నల్లబడుతుంది, పైగా పూర్ణంలో ఉన్న తడికి చిటచిటా చిందుతుంది. పునుగులూ, బోండాలూ చిట్లకపోయినా అడుగు చదునుగా, నడుమున తెల్లటి పట్టీతో వస్తాయి. ఆ పట్టీ కింద పిండి చాలాసార్లు ఉడికి ఉండదు. గారె మధ్యస్తం. రెండు సెంటీమీటర్ల మందంతో తడితే ప్యాన్‌లో కుదరదు, ఒక సెంటీమీటరుకి తగ్గించి వెడల్పుగా తడితే కుదురుతుంది. కానీ అప్పుడది కరకరలాడే పలచని గారె అవుతుంది, లోపల మెత్తగా ఉండే గారె కాదు. ఏది కావాలో ముందే అనుకుని పప్పు నానబెట్టుకోవాలి.

ఇక నూనె ఎంత అన్నది. పాత్ర వెడల్పయితే నూనె తక్కువ పడుతుందని చాలామంది నమ్మకం. నిజానికి అది తలకిందులు. అడుగు 26 సెంటీమీటర్లున్న చదును ప్యాన్‌లో ఒక్క సెంటీమీటరు లోతుకే అర లీటరు పైన నూనె పడుతుంది. బూరె మునగడానికి కావలసిన నాలుగు సెంటీమీటర్ల లోతు అందులో తేవాలంటే రెండు లీటర్లు దాటుతుంది, ప్యాన్ అంచు దాకా వచ్చేస్తుంది. అదే మూతి 20, లోతు 7 సెంటీమీటర్లున్న చిన్న మూకుడులో మధ్యన నాలుగు సెంటీమీటర్ల లోతు రావడానికి అర లీటరు లోపే చాలు. అడుగు గుండ్రంగా ఉండటం వల్ల నూనె మధ్యకి చేరుతుంది. విడతకి రెండో మూడో బూరెలే వేగుతాయి, పని కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే. కాబట్టి బూరెలకీ పునుగులకీ నూనె ఆదా చెయ్యాలనుకునేవాళ్ళు కొనవలసింది వెడల్పాటి ప్యాన్ కాదు, చిన్న మూకుడు.

ప్యాన్‌లో ఆదా అయ్యేది లోతు తగ్గించడం వల్లే. ఎంత తగ్గించవచ్చో చెప్పేది ముక్క మందం: ముక్కలు వేశాక నూనె వాటి సగం ఎత్తుకి రావాలి. “ముక్కలు వేశాక” అన్నది ముఖ్యం, ఎందుకంటే ముక్కలు చోటు ఆక్రమిస్తే నూనె పైకి లేస్తుంది.

దీన్ని పండుగప్ప వేపుడు మీద పెట్టి చూద్దాం. భీమవరం, నరసాపురం వైపు ఇళ్ళలో మూకుడులో వేపే వంటకమే. అర కిలో చేపని ఒకటిన్నర సెంటీమీటరు మందాన కోయించుకుంటే అరచేతిలో పట్టే ముక్కలు ఎనిమిది దాకా వస్తాయి. ఇదే 26 సెంటీమీటర్ల ప్యాన్‌లో పావు లీటరు పోస్తే ఖాళీగా ఉన్నప్పుడు నూనె అర సెంటీమీటరు కూడా ఉండదు. నాలుగు ముక్కలు వెయ్యగానే ఏడు మిల్లీమీటర్ల దాకా లేస్తుంది. ముక్క మందంలో సగం అంతే కదా. అంటే చేప ముక్కలకి ఆ పావు లీటరు మాట సరైనదే, ఈ ఒక్క విషయంలో ఆ సలహాతో నాకు పేచీ లేదు. మీ ప్యాన్ కొలత వేరైతే ముందు చల్లని ప్యాన్‌లో గ్లాసుతో నీళ్ళు కొలిచి పోసి, కావలసిన లోతుకి ఎన్ని పట్టాయో చూసుకోండి. తరవాత నీళ్ళు పారబోసి, తడి చుక్క లేకుండా తుడిచి, ఆరబెట్టాకే నూనె పొయ్యండి. ప్యాన్ అడుగు మధ్యలో ఉబ్బి ఉంటే నూనె అంచులకి పారిపోయి నడిమి ముక్క పొడిగా మాడుతుంది. అలాంటి ప్యాన్ ఈ పనికి వాడకండి.

మంట, సమయం మూకుడులో లాగే ఉంచితే చేప పాడవుతుంది. లీటరు నూనెలో వేడి నిలవ ఉంటుంది. ముక్కలు పడ్డా కొంతే చల్లారుతుంది. పావు లీటరులో ఆ నిలవ ఉండదు, నాలుగు చల్లని ముక్కలు పడగానే వేడి దిగిపోతుంది. అందుకే ప్యాన్‌లో మూడోవంతుకి మించి ముక్కలు పరచకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసినవి నేరుగా వెయ్యకుండా, పొయ్యి వెలిగించేముందు ఓ పది నిమిషాలు బయట ఉంచండి. మసాలా పట్టించాక ఊరిన నీరు ఒంపేసి, ముక్కల్ని గుడ్డతో అద్దండి. నూనె కాగిందో లేదో చూడటానికి పిండి చుక్క వేసి అది మునిగి తేలిందా అని చూసే పద్ధతి ఇక్కడ పనిచెయ్యదు, మునగడానికి లోతే లేదు. పొడి చెక్క గరిటె కొన ఆనిస్తే చుట్టూ వెంటనే సన్నటి బుడగలు రావాలి. థర్మామీటరు ఉన్నవాళ్ళు దాని కొన అడుగు లోహానికి తగిలితే తప్పు అంకె చూపిస్తుందని గుర్తుంచుకోండి.

ముక్కలు వేశాక అర నిమిషం మంట పెంచి, మళ్ళీ మధ్యస్థానికి తగ్గించండి. మూకుడులో మొత్తం నాలుగైదు నిమిషాల్లో అయ్యే ముక్కకి ఇక్కడ మొదటి వైపు నాలుగు నిమిషాలు, రెండో వైపు మూడు నిమిషాలు పడుతుంది. గడియారం కంటే ముక్క పక్క అంచు బాగా చెబుతుంది: ఉడికిన తెలుపు కింద నుంచి పైకి పాకుతూ సగం దాటినప్పుడు తిరగెయ్యాలి. అట్లకాడ దూర్చితే ముక్క తనంతట కదలాలి. అంటుకుని ఉందంటే కింద పొర ఇంకా కట్టలేదన్నమాట, బలవంతాన లాగితే తోలు అడుగునే ఉండిపోతుంది. ముల్లు పక్కన కండ విడివడి, గాజులా మెరిసే పచ్చిదనం పోతే అయినట్టు. రెండో వాయికి ముందు అడుగున రాలిన మసాలా జల్లితో తీసెయ్యండి. తగ్గినంత నూనె, రెండు మూడు చెంచాలు, పోసి కాగనివ్వండి. పులసకి మాత్రం ఈ కష్టం పెట్టకండి, అది పులుసుకే పుట్టింది.

ఒంటికి పట్టే నూనె గురించి కూడా చెప్పాలి. పాత్రలో ఎంత పోశామన్నది, వస్తువు ఎంత పీల్చిందన్నది వేర్వేరు లెక్కలు. వేగుతున్నంతసేపూ లోపలి ఆవిరి బయటికి తోసుకొస్తూ నూనెని లోపలికి రానివ్వదు. ఎక్కువ భాగం లోపలికి పోయేది పైకి తీశాకే, చల్లారుతూ ఆవిరి తగ్గినప్పుడు ఉపరితలం మీద అంటుకున్న నూనెని వస్తువు లాక్కుంటుంది. కాబట్టి పైకి తీసిన వెంటనే జల్లిలోనో తీగ వలమీదో వడకట్టడం ముఖ్యం. ప్యాన్‌లో వేడి దిగిపోయి ముక్క నీరుగారుతూ ఎక్కువసేపు కూర్చుంటే మూకుడులో కంటే ఎక్కువ నూనె పట్టినా ఆశ్చర్యం లేదు. నమ్మకం కుదరకపోతే పోసిన నూనె కొలిచి, చల్లారాక మిగిలింది కొలవండి. తేడాలో కొంత చిందింది, కొంత వడకట్టింది, మిగతాది మీ పళ్ళెంలోకి వచ్చింది.

ప్రమాదం ఉండదన్న మాటని మాత్రం ఎవరూ నమ్మకండి. లీటరు నూనె నిమిషంలో ఎక్కే వేడి పావు లీటరు దాదాపు పావు నిమిషంలోనే ఎక్కేస్తుంది. వేపడానికి కావలసింది 170–180 డిగ్రీలు. రిఫైన్డ్ పొద్దుతిరుగుడు, వేరుశనగ నూనెలు 225–230 దగ్గర పొగ లేస్తాయి. మూకుడు అలవాటున పెద్ద మంట మీద పెట్టి, వాయి తీసి పక్క గదిలోకి వెళ్ళొచ్చేసరికి పలచని నూనె పొగ దాటి నిప్పంటుకునే దాకా వెళ్ళగలదు. వాయికీ వాయికీ మధ్య మంట సిమ్‌లో పెట్టడం, పొగ కనిపించగానే పొయ్యి ఆపడం ఇందుకే. నాన్‌స్టిక్ అయితే దాని పూత 260 డిగ్రీలు దాటితే చెడి విషపు పొగలు వదులుతుంది, అందుకే ఖాళీగా కాల్చకూడదు.

రెండోది అంచు ఎత్తు. ప్యాన్ అంచు నాలుగైదు సెంటీమీటర్లే, చిందినది ఆపడానికి గోడ లేదు. నూనె అంచు ఎత్తులో మూడోవంతు దాటకూడదు. చిందకుండా చాలామంది మూత పెడతారు, అది ఇంకా ప్రమాదం: మూతకి పట్టిన ఆవిరి నీటిచుక్కలై కాగే నూనెలో పడి పేలుతుంది. జల్లి మూత వెయ్యండి, లేదా ముక్క తడి ఆర్చండి. ముక్కని మీవైపు అంచునుంచి దింపి, అవతలి అంచు మీకు దూరంగా వాలేలా వదలండి, తిరగేసేటప్పుడూ అవతలికే. రెండు పొయ్యిల స్టవ్ మీద వెడల్పాటి ప్యాన్ పిడి బయటికి పొడుచుకొస్తుంది, దాన్ని గోడవైపు తిప్పండి. వేడి నూనెతో ప్యాన్‌ని ఎత్తి తీసుకెళ్ళకండి, చిన్న ఒంపుకే పలచని నూనె ఒక పక్కకి దొర్లి అంచు దాటుతుంది.

నిప్పంటుకుంటే నీళ్ళు పొయ్యకూడదు. చేతికందితే పొయ్యి ఆపి, మూసెయ్యాలి. మూకుడు మూత దీనికి చాలదు. ప్యాన్ మొత్తం కప్పే పొడి స్టీలు పళ్ళెం ఒకటి వెతికి, నూనె పొయ్యకముందే పక్కన పెట్టుకోండి. మూశాక చల్లారేదాకా తెరవద్దు. అలాంటి పళ్ళెం ఇంట్లో దొరకనంత వెడల్పు ప్యాన్ అయితే అందులో వేపుడు పెట్టకండి.