తెల్లవారితే గురువారం

శుభలేఖ చట్టం దృష్టిలో ఒప్పందం కాకపోవడం మన అదృష్టం. అయి ఉంటే, తప్పుడు రాత్రి మండపానికి రప్పించారంటూ విశాఖపట్నం కోర్టుల్లో ఈపాటికి బోలెడు కేసులు నడుస్తుండేవి.

మా వీధిలో పంచిన కార్డు ఒకటి ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. పైన శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు, నాలుగు మూలలా పసుపు, మధ్యలో వినాయకుడు. మొదటి కార్డు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి, రెండోది సింహాద్రి అప్పన్నకి ఇచ్చొచ్చారట, కాబట్టి దేవుళ్ళకి సమాచారం అందినట్టే. మనుషులకి అందాల్సిన వాక్యం మాత్రం ఇదీ: "14వ తేది బుధవారం రాత్రి గం. 2-47 ని.లకు (తెల్లవారితే గురువారం) పుష్కరాంశ సుముహూర్తమున..."

పంచాంగానికి రోజంటే సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. అందుకే రాత్రి 2-47 అయినా ఇంకా బుధవారమే. ఫోన్‌కి ఆ మర్యాదలు తెలీవు, పన్నెండు కొట్టగానే 15వ తేదీ గురువారం అయిపోతుంది. అనకాపల్లి బాబాయి కార్డులో ఉన్నది ఉన్నట్టుగా, 14వ తేదీ 2-47 ఏఎం అని ఫోన్లో పెట్టుకున్నాడు. ఒక రాత్రి ముందే దిగి, మధురవాడ మండపం గేటు దగ్గర వాచ్‌మన్‌తో లోకాభిరామాయణం మాట్లాడి వెళ్ళాడు. హైదరాబాద్ మేనల్లుడు బ్రాకెట్లో గురువారం అని చూసి గురువారం రాత్రికి చేరాడు, అప్పటికి టెంట్ హౌస్ వాళ్ళు కుర్చీలు లారీకి ఎక్కిస్తున్నారు. ఇద్దరూ కార్డు చదివే వచ్చారు, అదే ఇందులో దారుణం.

సరే, ఆ 2-47 సంగతి చూద్దాం. 2-45 కాదు, 2-50 కాదు. లగ్నం సుమారు రెండు గంటలుంటుంది, దాన్ని తొమ్మిది అంశలు చేస్తే ఒక్కోటి పదమూడు నిమిషాల చిల్లర, అందులో శ్రేష్ఠమైనదాన్ని పుష్కరాంశ అంటారు. ఇంత సూక్ష్మంగా లెక్క కట్టింది పెళ్ళికొడుకు వాళ్ళ సిద్ధాంతి, ఆయన ఉండేది హైదరాబాద్‌లో, కట్టింది కూడా హైదరాబాద్‌కే. విశాఖ అక్కడికి తూర్పున రేఖాంశంలో దాదాపు ఐదు డిగ్రీలు ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అదే లగ్నం ఇక్కడ ఇంచుమించు పంతొమ్మిది నిమిషాలు ముందే వచ్చేస్తుంది. అంటే అక్కడి పుష్కరాంశ సాగర తీరంలో 2-28 ప్రాంతంలోనే మొదలై, 2-47 కొట్టేసరికి కాస్తా దాటిపోతుంది. పంచాంగం ఏ ఊరిదో అడిగే అలవాటు పెళ్ళికూతురు తండ్రికి లేదు, అడిగితే వియ్యంకుడి సిద్ధాంతిని అనుమానించినట్టు అవుతుందని భయం. (ఆ నిమిషం తాళి కట్టేది కాదు, జీలకర్ర బెల్లం పెట్టేది. ఆ ముక్క కార్డులో ఎవరూ వెయ్యరు, అందుకే 2-47కి తాళి చూద్దామని వచ్చినవాళ్ళు 3-30 దాకా ఆవలిస్తూ కూర్చుంటారు.)

ఇన్ని నిమిషాల లెక్కలున్న కార్డులో, జనానికి నిజంగా కావాల్సిన ముహూర్తం అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: "విందు: రాత్రి 7 గం. నుండి". ఎంతవరకో లేదు. పిలిచినవాళ్ళలో ఎక్కువమంది ఎనిమిదింటికి వచ్చి, భోంచేసి, కవరు ఇచ్చి, పదిలోపు గాజువాక బస్సు ఎక్కేస్తారు, పుష్కరాంశకి మిగిలేది దగ్గర చుట్టాలూ వీడియో తీసే కుర్రాడూ. శుక్రవారం సాయంత్రం గాజువాకలో అబ్బాయివాళ్ళ రిసెప్షన్‌కి మాత్రం "7 గం. నుండి" అని పెద్దక్షరాల్లో వేశారు, అక్కడ వధూవరులు స్టేజీ ఎక్కేది తొమ్మిదికి.

ప్రజాహితం కోరి, కార్డులో ఇలా వేసి ఉండాల్సిందంటూ ఆ ఇంటివాళ్ళకి నేనొక వాక్యం రాసిచ్చాను: "14 బుధవారం రాత్రి భోజనాలు 7 నుంచి 10-30 వరకు, మధురవాడలో. అదే రాత్రి పడుకోకుండా ఉంటే, అర్ధరాత్రి దాటాక, అంటే 15వ తేదీ 2-28కి జీలకర్ర బెల్లం. రిసెప్షన్ 16 శుక్రవారం సాయంత్రం, గాజువాకలో, తొమ్మిదికి రండి."

ఇరు కుటుంబాల పెద్దలూ కూర్చుని, కళ్ళజోళ్ళు సవరించుకుని రెండుసార్లు చదివారు. సమయాల మీద ఒక్క అభ్యంతరం కూడా రాలేదు. "అంతా బాగుంది గానండీ, మా తోడల్లుడు గారి పేరు ఎక్కడ వేశారు?" అని అడిగారు అబ్బాయి తండ్రి.