జిప్ ఫైలుకు జరిగిన పరాభవం

పన్నెండుమంది పనిచేసే మా చిన్న కార్యాలయంలో, వచ్చే ఉత్తరాలను వడగట్టే మెయిల్ గేట్‌వే దగ్గర ఇటీవల ఒక దారుణమైన ఆంక్ష అమలులోకి వచ్చింది. `.docm`, `.xlsm`, `.zip`, `.iso` అనే తోకలున్న అటాచ్‌మెంట్లు ఇకమీదట లోపలికి రాకూడదట. ముక్కూమొహం తెలియనివారు పంపిన ‘బాకీ బిల్లు’ను తెరిచి, పసుపు పట్టీ మీది `Enable Content` మీటను నొక్కి, అందులో దాగిన మాక్రో అనే చిన్న ప్రోగ్రాము చేత తన కంప్యూటర్ను స్వహస్తాలతో ఏలించుకునే హక్కును మా గుమాస్తాగారు ఒక్క రాత్రిలో కోల్పోయారు.

అయితే మనిషి తెలివిని ఎవరు ఆపగలరు? రెండో రోజే ఒక సరఫరాదారు `bills.zip` పేరును `bills.jpg` అని మార్చి, “దయచేసి పేరు సరిచేసి తెరుచుకోగలరు” అని సూచన జోడించి పంపారు. పేరు తప్ప మరేదీ చదవని గేట్‌వే దాన్ని ఛాయాచిత్రంగా భావించి సగౌరవంగా లోపలికి పంపింది.

దీనితో మా సిస్టమ్ నిర్వాహకుడు పేర్లను నమ్మడం మానేసి, ఫైలు మొదటి రెండు అక్షరాలు `PK` అయితే అది జిప్పేనని తేల్చి ఆపేయమన్నాడు. మరునాటి ఉదయం కార్యాలయానికి ఒక్క `.docx` కూడా చేరలేదు, ఎందుకంటే `.docx`, `.xlsx` కూడా లోలోపల జిప్ ఫైళ్లే. కొటేషన్లన్నీ ఆగిపోయిన ఆ పూట మేము అనుభవించిన ప్రశాంతత గురించి విడిగా రాయవలసి ఉంది. చివరకు ఆయన గేట్‌వే చేత పొట్లం విప్పించి, లోపల మాక్రోలు కాపురముండే `vbaProject.bin` కనిపిస్తే ఆపమని, లేకపోతే వదలమని ఏర్పాటు చేశాడు. పాత `.doc`, `.xls` మాత్రం జిప్‌లు కావు. మాక్రో ఉన్నా లేకపోయినా వాటికి అదే తోక కాబట్టి వాటిని వేరే పద్ధతిలో తెరిచి వెదకవలసిందే.

ఇక పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌ది మరీ విషాదగాథ. మామూలు జిప్‌లో తాళం వేసినా లోపలి ఫైళ్ల పేర్లు పైకి కనబడతాయి గాని, వాటిలో ఏముందో గేట్‌వేకి తెలియదు. పంపినవారు భద్రత మీది శ్రద్ధతో తాళం వేసి, మర్యాద కొద్దీ తాళంచెవిని అదే ఉత్తరంలో రాస్తారు. ఆ వాక్యం మా గేట్‌వేకి అర్థం కాదు, మా గుమాస్తాగారికి చక్కగా అర్థమవుతుంది. అందుకని అటువంటివన్నీ ఇప్పుడు పక్కన నిలిపివేసి, పంపినవారికి మన దగ్గరున్న పాత నంబరుకే ఫోన్ చేసి రూఢి చేసుకున్నాక విడుదల చేస్తున్నారు. ఉత్తరంలో ఉన్న నంబరుకు చేస్తే పని త్వరగా అయ్యేది. ఎత్తేది ఆ ఉత్తరం రాసినవారే కదా!

ఇన్ని కష్టాలు చూడలేక మా అధికారిగారు మినహాయింపుల జాబితా ఒకటి తెరిపించి, మొదటి పేరుగా తన చిరునామానే రాయించారు. `From` పంక్తిలో ఎవరి పేరైనా ఎవరైనా రాసుకోవచ్చునని నిర్వాహకుడు చెప్పబోగా, అంతటి అపనమ్మకం తగదని మందలించారు. వారం తిరగకుండా ఆయన చిరునామాతో “అత్యవసరం” అంటూ ఒక `.xlsm` గుమాస్తాగారికి వచ్చింది. ఆ సమయంలో అధికారిగారు గుమాస్తాగారి పక్క కుర్చీలోనే కూర్చుని, అది తెరుచుకోవడానికి ఇంత ఆలస్యమేమిటని విసుక్కుంటున్నారు.