సవరణ: ఆర్టీఐలో ప్రజాప్రయోజనం పూర్తిగా పోలేదు

"డేటా రక్షణ చట్టం వచ్చాక ఆర్టీఐలో ప్రజాప్రయోజనం వాదన ఇక చెల్లదా అండీ?"

చెల్లదని మొన్న రాశాను. అది తప్పు, సెమినార్ పేపర్‌లో వాడుకున్నవాళ్లు దయచేసి దిద్దుకోండి. 2023 చట్టం 44(3) సెక్షన్ మార్చింది ఆర్టీఐలోని 8(1)(జె)ని మాత్రమే. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వవచ్చన్న మాట అక్కడ పోయింది. కానీ 8(2) అలాగే ఉంది: వెల్లడిస్తే కలిగే ప్రజాప్రయోజనం హాని కన్నా ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చు.

గుంటూరులో ఒక వార్డు పింఛన్ల జాబితా అడిగారనుకోండి. "వ్యక్తిగత సమాచారం" అన్న ఒక్క మాటతో తిరస్కరించడం ఇప్పుడు తేలిక, నా అసలు బాధ అదే. అప్పీలులో 8(2)ను పేర్కొని, చనిపోయినవారి పేరున డబ్బు వెళ్తోందన్న అనుమానానికి ఆధారం చూపాలి. ఆధార్, బ్యాంకు నంబర్లు వద్దని ముందే రాస్తే హాని తగ్గుతుంది, తూకం మీవైపు మొగ్గే అవకాశం పెరుగుతుంది.