నిలువు ప్లేటుకి పైభాగమే బాగా చల్లబడుతుందా? కాదు, కింది అంచు

"వేడి ఎప్పుడూ పైకే పోతుంది కదా, అందుకే నిలబెట్టిన హీట్‌సింక్‌లో పైభాగమే బాగా చల్లబడుతుంది, వేడెక్కే పార్టులన్నీ పైన బిగించండి. హీట్‌సింక్ ఎంత పొడుగ్గా ఉంటే, ఫిన్లు ఎంత దగ్గర దగ్గరగా ఉంటే అంత మంచిది. గ్రాషాఫ్ నంబర్ అంటే గాలి ఎంత స్పీడుగా పైకి లేస్తుందో చెప్పే నంబర్, అది పెరిగితే చల్లదనం దానంతట అదే పెరుగుతుంది."

ఈ మెసేజ్ నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. దీన్ని నమ్మి ఇన్వర్టర్ బోర్డుని తలకిందులుగా బిగించిన కుర్రాడు కూడా తెలుసు. హీట్‌సింక్ అంటే పార్టుల వేడిని గాలిలోకి వదిలే లోహపు ముక్క, ఫిన్లు దానికుండే పలుచని రెక్కలు. అందుకే ఒక్కో మాటా తీసుకుని, ఒకే ప్లేటు మీద లెక్క వేసి చూపిస్తాను. 30 సెంటీమీటర్ల ఎత్తున్న అల్యూమినియం ప్లేటు, నిలువుగా, ఫ్యాన్ లేకుండా. ప్లేటు 70 డిగ్రీలు, గదిలో గాలి 30 డిగ్రీలు, అంటే తేడా 40.

ముందు పైభాగం సంగతి. పైకి పోయేది వేడి కాదు, వేడెక్కిన గాలి. ప్లేటుకి ఆనుకున్న గాలి వేడెక్కి, పలచబడి, తేలికై లేస్తుంది, దాని జాగాలోకి పక్కనుంచీ కిందనుంచీ చల్లగాలి వస్తుంది. ఈ ప్రవాహం మొదలయ్యేది కింది అంచు దగ్గర. అక్కడ ప్లేటుకి తగిలేది 30 డిగ్రీల తాజా గాలి, పైగా వేడెక్కిన పొర ఇంకా పలచగా ఉంటుంది కాబట్టి గోడ నుంచి చల్లగాలి దాకా వేడి దాటాల్సిన దూరం చాలా తక్కువ. పైకి వెళ్లేకొద్దీ ఆ పొర లావెక్కుతుంది. దీన్నే బౌండరీ లేయర్ అంటారు. దాని మందం కింది అంచు నుంచి ఉన్న దూరానికి నాలుగో మూలం లెక్కన పెరుగుతుంది. మన ప్లేటుకి 3 సెంటీమీటర్ల ఎత్తులో సుమారు 9 మిల్లీమీటర్లు, పై అంచులో సుమారు 16 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే పైభాగం అప్పటికే వేడెక్కిన గాలిని కంబళిలా కప్పుకుని ఉంటుంది.

వేడి వదిలే గుణకం కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. 3 సెంటీమీటర్ల దగ్గర చదరపు మీటరుకి, డిగ్రీకి సుమారు 5.9 వాట్లు ఉంటే పై అంచు దగ్గర 3.3 వాట్లే. మొత్తం ప్లేటు సగటు 4.5 దగ్గర ఉంటుంది. (సరిగ్గా కింది అంచు మీద ఈ సూత్రం అనంతం చూపిస్తుంది, దాన్ని నమ్మకూడదు, అక్కడ పలుచని పొర అనే ఊహే చెల్లదు.) ఇదేమీ కాగితం మీది లెక్క మాత్రమే కాదు. ష్మిట్, బెక్‌మన్ అనే ఇద్దరు 1930లోనే నిలువు ప్లేటు పక్కన గాలి ఉష్ణోగ్రతా వేగమూ కొలిచి చూపించారు, 1953లో ఆస్ట్రాక్ ఆ సమీకరణాలను కంప్యూటర్ మీద సాధించి వివిధ ద్రవాలకూ వాయువులకూ పట్టికలు ఇచ్చాడు.

"మరి మా హీట్‌సింక్ పైన చెయ్యి పెడితే ఎక్కువ వేడిగా ఉంటుంది, అక్కడ వేడి ఎక్కువ పోతున్నట్టే కదా" అని ఒకరు అడిగారు. సరిగ్గా తిరగేసి అర్థం చేసుకున్నారు. ప్లేటంతటా సమానంగా వాట్లు పుట్టే పలుచని బోర్డు లాంటిది తీసుకుంటే, వేడి పోవడం కష్టమైన చోటే ఉష్ణోగ్రత ఎక్కువ పేరుకుంటుంది. అలాంటి బోర్డులో గాలితో తేడా ఎత్తుకి అయిదో మూలం లెక్కన పెరుగుతుంది: 3 సెంటీమీటర్ల దగ్గర తేడా 30 డిగ్రీలుంటే 30 సెంటీమీటర్ల దగ్గర అది 47 అవుతుంది. దళసరి అల్యూమినియంలో వేడి లోహం గుండానే అటూ ఇటూ సర్దుకుంటుంది కాబట్టి ఈ తేడా చాలావరకు కనిపించదు. పలుచని బోర్డు మీద మాత్రం పార్టు ఎక్కడ పెట్టారన్నది నిజంగా తేడా తెస్తుంది. కాబట్టి ఎక్కువ వేడెక్కే మాస్‌ఫెట్, రెగ్యులేటర్ లాంటివి పైన కాదు, కింది సగంలో ఉండాలి. వేడికి పాడయ్యే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు వాటికి సరిగ్గా నెత్తిమీద ఉండకూడదు, కాస్త పక్కకి జరపాలి.

పొడుగు విషయం ఇప్పుడు సులువు. పై సగం కింది సగం కన్నా తక్కువ పనిచేస్తున్నప్పుడు ఎత్తు రెట్టింపు చేస్తే వేడి నష్టం రెట్టింపు అవ్వదు, 1.68 రెట్లు అవుతుంది. అదే రేకుని, అంటే 30 ఎత్తు 10 వెడల్పు ఉన్నదాన్ని, పక్కకి తిప్పి 10 ఎత్తు 30 వెడల్పు చేస్తే సంవహనం, అంటే గాలి మోసుకెళ్లే వేడి, సుమారు 30 శాతం పెరుగుతుంది, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా. అయితే ఫిన్లున్న హీట్‌సింక్‌ని ఇలా తిప్పేయకండి, ఫిన్లు అడ్డంగా పడితే గాలికి దారే మూసుకుపోతుంది. ఫిన్లు నిలువుగానే ఉండేలా పొట్టి, వెడల్పు ముక్క కొనుక్కోవాలి.

ఎత్తుకి ఇంకో గీత ఉంది. గాలిని పైకి లేపే బలానికీ దాన్ని ఆపే జిగటకీ మధ్య పోటీని చెప్పే గ్రాషాఫ్ నంబర్ 10⁹ దగ్గరికి వచ్చేసరికి నునుపుగా పోయే ప్రవాహం చెదిరి సుడులు తిరగడం మొదలవుతుంది. మన ఉష్ణోగ్రతలకి అది సుమారు 65 సెంటీమీటర్ల ఎత్తు. ఆ పైన గుణకం తగ్గడం దాదాపు ఆగిపోతుంది, మీటరు ప్లేటుకీ రెండు మీటర్ల ప్లేటుకీ సగటు అదే 4.5 దగ్గర తిరుగుతుంది. కాబట్టి "పొడుగు ఎప్పుడూ నష్టమే" అని కూడా నేను అనను. చిన్న హీట్‌సింక్‌లలో మాత్రం నష్టమే.

ఇక ఫిన్ల దగ్గరితనం. నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే మార్కెట్లో దువ్వెన పళ్లలా కిక్కిరిసిన హీట్‌సింక్ చూసి జనం "ఎక్కువ ఏరియా" అని సంబరపడి కొంటారు. ఎదురెదురు ఫిన్ల మీద రెండు పొరలు పెరుగుతాయి. సందు మరీ ఇరుకైతే అవి కింది భాగంలోనే కలిసిపోతాయి, ఆ పైన ఆ సందులోని గాలి దాదాపు ఫిన్ అంత వేడెక్కి, రెండు గోడల రాపిడికి నత్తనడక నడుస్తుంది. పైన మిగిలిన ఏరియా అంతా ఉత్త బరువు. అలాగని పొరలు అసలు కలవకూడదని 16కి రెట్టింపు, 32 మిల్లీమీటర్ల సందు వదలనక్కర్లేదు, అప్పుడు ఫిన్ల సంఖ్య పడిపోతుంది. రెంటికీ మధ్య మొత్తం వేడి గరిష్ఠంగా పోయే సందు ఒకటి ఉంటుంది. బార్-కోహెన్, రోసెనో 1984లో ఇచ్చిన లెక్క ప్రకారం మన 30 సెంటీమీటర్ల ఎత్తుకి అది సుమారు 9 మిల్లీమీటర్లు, 10 సెంటీమీటర్ల ఎత్తుకి 7 మిల్లీమీటర్ల లోపు. 2 మిల్లీమీటర్ల సందున్నవి ఫ్యాన్ కోసం చేసినవి, ఫ్యాన్ లేకుండా వాటిని వాడితే ఫలితం ఉండదు.

గ్రాషాఫ్ నంబర్ దగ్గరికి వద్దాం. అది ఇదీ:

```
Gr = g β (Ts − T∞) L³ / ν²
```

g గురుత్వం, β వేడికి ఎంత వ్యాకోచిస్తుందన్నది, తర్వాత గోడకీ గాలికీ తేడా, ఎత్తు ఘనం, కింద స్నిగ్ధత వర్గం. వేడెక్కిన గాలిని పైకి లేపే బలం, దాన్ని గోడకి అంటిపెట్టి ఆపే జిగట, ఈ రెండిటి పోటీని ఇది చెబుతుంది. దీనికి యూనిట్లే లేవు, ఇక స్పీడు ఎలా అవుతుంది? మన ప్లేటుకి విలువలు వేస్తే (50 డిగ్రీల సగటు గాలికి ν సుమారు 1.8 × 10⁻⁵) సుమారు 10⁸ వస్తుంది. స్పీడు కావాలంటే gβ, ఉష్ణోగ్రత తేడా, ఎత్తు గుణించి వర్గమూలం తీసి, గాలికైతే 0.55తో గుణించాలి. పై అంచు దగ్గర సెకనుకి 33 సెంటీమీటర్లు. అది కూడా గోడ మీద కాదు, గోడకి 4, 5 మిల్లీమీటర్ల దూరంలో. గోడ మీద వేగం సున్నా, పొర దాటాక మళ్లీ సున్నా, మధ్యలో ఒక్కచోటే గరిష్ఠం.

నంబర్ పెద్దదైతే స్పీడు కూడా పెద్దదే అనుకునేవాళ్లు నీళ్లతో పోల్చి చూడండి. అదే ఉష్ణోగ్రతల్లో 10 సెంటీమీటర్ల ప్లేటుని నీళ్లలో ముంచితే గ్రాషాఫ్ నంబర్ గాలిలో కన్నా సుమారు 150 రెట్లు ఎక్కువ, ఎందుకంటే నీటి ν చాలా చిన్నది, అదీ వర్గంలో ఉంది. కానీ నీరు తక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పైకి లేచే వేగం గాలిలో వేగంలో సగానికి కూడా రాదు.

చల్లదనం "దానంతట అదే" పెరగడం కూడా జరగదు, గుణకం గ్రాషాఫ్ నంబర్ నాలుగో మూలంతోనే కదులుతుంది. మన ఎండాకాలంతోనే చూడండి. మే నెలలో గది 42 డిగ్రీలు, ప్లేటు 70 దాటకూడదు. తేడా 40 నుంచి 28కి, అంటే 30 శాతం పడింది. గ్రాషాఫ్ నంబరూ సుమారు అంతే పడింది. గుణకం మాత్రం 8, 9 శాతమే తగ్గింది. ఆ రెండూ కలిసి గాలిలోకి పోయే వేడిని 36 శాతం తగ్గిస్తాయి. జనవరిలో బాగానే నడిచిన ఇన్వర్టర్ మేలో ట్రిప్ అవడానికి ఇది ఒక కారణం.

ఇంట్లో కొలిచి చూస్తామనేవాళ్లకి రెండు జాగ్రత్తలు. వాట్లని ఏరియాతో, తేడాతో భాగిస్తే 4.5 బదులు 11 వచ్చిందని నాకు చాలామంది రాశారు. మీ ప్లేటు నల్లగా ఉంది, అంతే. నల్లటి ఉపరితలం ఈ ఉష్ణోగ్రతల్లో చదరపు మీటరుకి 275 వాట్ల దాకా వికిరణంగా వదులుతుంది, గాలి తీసుకెళ్లేది 180 లోపే. మెరిసే అల్యూమినియంతో చేస్తే వికిరణం 15 వాట్లకి దిగుతుంది, అప్పుడు మిగిలేది దాదాపు గాలి పనే. రెండోది, సీలింగ్ ఫ్యాన్ ఆపండి. దాని గాలి సెకనుకి ఒక మీటరు తగిలినా ప్లేటు తాలూకు 33 సెంటీమీటర్ల ప్రవాహం దాని ముందు నిలవదు, మీరు కొలిచేది వేరే విషయం అయిపోతుంది.

ఫ్యాన్ ఆపి, తలుపు వేసి, పది నిమిషాలు ఆగి, వెలిగించిన అగరుబత్తిని కింది అంచు పక్కన, ప్లేటుకి రెండంగుళాల దూరంలో పట్టుకోండి. పొగ ముందు కాస్త ప్లేటు వైపు వంగి, తర్వాత దాన్ని అంటుకుని నునుపుగా పైకి పాకుతుంది. ప్లేటు కింద ఏదైనా అడ్డుపెట్టి మళ్లీ చూడండి, ఆ పాకడం నెమ్మదిస్తుంది. ఇన్వర్టర్ కింద జానెడు ఖాళీ వదలమని, ఒకదాని నెత్తిన ఇంకోటి బిగించొద్దని నేను చెప్పేది దీన్ని చూసే.