నెమలిపెట్టను అడిగిందెవరు?

వన్యప్రాణుల డాక్యుమెంటరీలకు గొంతు అరువిచ్చే పెద్దమనుషులంతా ఒకే బడిలో చదువుకున్నట్టున్నారు. మగనెమలి పురి విప్పడం ఆలస్యం, వాళ్ల గొంతు బరువెక్కుతుంది, వెనక వేణువు మోగుతుంది, "తన సౌందర్యంతో ఆడనెమలిని వశం చేసుకుంటున్నాడు" అనే వాక్యం వచ్చి పడుతుంది. కెమెరా పింఛాన్ని పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ నిమురుతుంది. వశమైపోతున్న మహాతల్లి మాత్రం తెర మీద ఓ మూల ఉంటుంది, అదీ వీపు వరకే. ఆవిడ గింజలు ఏరుకుంటూ ఉంటుంది. కాసేపటికి ఏరుకుంటూనే తెర దాటి వెళ్లిపోతుంది. వశీకరణం సంపూర్ణం.

ఈ సంప్రదాయాన్ని నేను మనసారా సమర్థిస్తున్నాను. ఒకటిన్నర మీటర్ల పింఛం, అందులో నూటయాభై దాకా కన్నులు, ఏటా రాల్చుకుని మళ్లీ మొలిపించుకునే ఓపిక! ఇదంతా ఒక మట్టిరంగు పెట్ట మెప్పు కోసమేనంటే మగజాతి పరువు ఏం కావాలి?

ఆ పరువు తీసినవాడు డార్విన్. మొదట్లో పింఛం ఆయనకు పెద్ద తలనొప్పి. నెమలి ఈక కంటపడితే చాలు వికారంగా ఉంటోందని 1860లో అమెరికా వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రేకి రాసిన ఉత్తరంలో వాపోయాడు. బతుక్కి పనికొచ్చే గుణాలే నిలుస్తాయని చెప్పినవాడికి, శత్రువుకి దూరం నుంచే చిరునామా ఇచ్చే అలంకారం ఎదురైతే వికారం కాక ఏముంటుంది? 1871లో జవాబు చెప్పాడు. బతికితే చాలదు, పిల్లలు కలగాలి. ఎవరితో కలగాలో ఆడపక్షి ఎంచుకుంటుంది. ఆవిడ మెచ్చిన మగవాడి ఈకలే తర్వాతి తరంలో కొడుకులకు మొలుస్తాయి. ఇలా వేల తరాలు గడిస్తే తయారయ్యేది పింఛం.

అంతే, పెద్దమనుషులకు కోపం వచ్చింది. ప్రకృతివరణ సిద్ధాంతాన్ని డార్విన్‌తో పాటే కనిపెట్టిన వాలెస్ కూడా ఇక్కడ చేతులెత్తేశాడు. మగపక్షిలో పొంగిపొర్లే జవసత్వాలే రంగులుగా బయటపడతాయన్నాడు. పొంగి పొర్లడానికి అదేం పాలగిన్నె కాదు కదా! సెంట్ జార్జ్ మివార్ట్ అనే ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త అదే 1871లో మరీ సూటిగా తేల్చేశాడు. ఆడదాని దుష్టచాపల్యం ఎంత నిలకడలేనిదంటే, అది ఎంచుకుంటే ఏ రంగూ స్థిరపడదట. ఆ పక్షి ఎంపిక ఎలా ఉంటుందో ఈయన ఒక్కసారైనా లెక్క తీశాడా? తీయలేదు. తన ఇంట్లో, తన వీధిలో ఆడవాళ్ల గురించి తనకున్న నీచమైన అభిప్రాయాన్ని పక్షి తలమీద రుద్ది దానికి శాస్త్రమని పేరు పెట్టాడు. అది మర్యాదగల వాదనగా చెలామణీ అయింది. దాని నీడలో తరాల తరబడి శాస్త్రవేత్తలు ఆడపక్షి ఎంపికను పక్కన పెట్టి, మగవాళ్ల కొట్లాటలనే ముచ్చటగా రాసుకున్నారు. సిగ్గుచేటు కాదా? అడిగి చూడటానికి కావలసిన సరంజామా ఒక కత్తెర, కాస్త జిగురు!

ఆ కత్తెర పట్టినవాడు మాల్టే ఆండర్సన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త. ఆయన ఎంచుకున్నది నెమలిని కాదు, కెన్యా గడ్డిమైదానాల్లో ఉండే పొడుగుతోక విడోబర్డ్‌ని. పిచ్చుకకంటే కాస్త పెద్ద పక్షి, మగదాని తోక మాత్రం అరమీటరు. ఒక్కో మగపక్షి తన జాగా కాచుకుంటుంది, పెట్టలు అందులో గూళ్లు కట్టుకుంటాయి. కాబట్టి ఎవరు ఎవరికి నచ్చారో తేల్చడానికి గూళ్లు లెక్కపెడితే చాలు. ఆండర్సన్ ముప్పయ్యారు మగపక్షుల్ని పట్టాడు. కొన్నింటి తోక 14 సెంటీమీటర్లకు కత్తిరించాడు. ఆ ముక్కల్ని మరికొన్నింటి తోకకు అతికించి, ఉన్న పొడవుకి సగటున ఇంకో పాతిక సెంటీమీటర్లు కలిపాడు. ఇంకొన్నింటి తోక కత్తిరించి మళ్లీ అలాగే అతికించాడు, ఫలితం పొడవు వల్ల వచ్చిందా జిగురు వల్ల వచ్చిందా అన్న అనుమానం మిగలకుండా. కొన్నింటిని అలాగే వదిలేశాడు.

తర్వాత కొత్త గూళ్లు లెక్కపెడితే, పొడిగించిన తోకగాళ్ల జాగాలే కిటకిటలాడాయి. ఇక్కడ రెండు సంగతులున్నాయి. తోక తెగినవాళ్లు తమ జాగా పోగొట్టుకోలేదు. అంటే ఆ తోక సాటి మగవాళ్లను బెదిరించే ఆయుధమైతే కాదు, పెట్టలు చూసేదే. రెండోది, అంత పొడుగు తోక ఆ పెట్టలు పుట్టి బుద్ధెరిగాక చూసి ఉండవు. అయినా దానికే ఓటేశాయి. తోక అక్కడ ఆగింది వాళ్ల మోజు తీరి కాదు, మోసేవాడి శక్తి చాలక కావచ్చు. ఈ ఫలితం 1982లో అచ్చయింది. మివార్ట్ మాటకీ దీనికీ మధ్య 111 ఏళ్లు.

ఇక నెమలి దగ్గరకొద్దాం. మనం తోక అనుకునేది తోక కాదు, తోక మీద కప్పే ఈకలు. అసలు తోక వెనకాల పొట్టిగా, ఆ విసనకర్రను నిలబెట్టే గుంజలా ఉంటుంది. ఈ రహస్యం పెట్టకి బాగా తెలుసు, ఎందుకంటే ఆవిడ దగ్గరకు రాగానే అయ్యవారు తరచూ వీపు చూపిస్తాడు. రెక్కలు వణికిస్తూ వెనక్కి వెనక్కి వస్తాడు. ఆవిడ చుట్టూ తిరిగి ముందుకొస్తుంది. వాడు గిర్రున తిరిగి పింఛాన్ని గలగలలాడిస్తాడు. ఈకలు సెకనుకు దాదాపు 25 సార్లు కంపిస్తాయి, కన్నులు మాత్రం దాదాపు కదలవు. కన్నులోని పోగులు సన్నని కొక్కేలతో ఒకదానికొకటి పెనవేసుకుని ఉంటాయి మరి. ఇంత ఇంజినీరింగు జరుగుతుంటే ఆవిడ ఎక్కడ చూస్తోంది? పరిశోధకులు పెట్టల తలకు బుల్లి కెమెరాలు కట్టి మరీ పట్టుకున్నారు. ఎక్కువసేపు చుట్టుపక్కల చూస్తోంది. వాడి వైపు చూసినా, చూపంతా పింఛం కింది అంచుల మీదే. ఆ కిరీటం, ఆ నీలిమెడ, ఆకాశంలో పరిచిన పైవరస కన్నులు ఆవిడ లెక్కలో పెద్దగా లేవు. సర్వే చేసే అమీనులా అటూ ఇటూ వెడల్పు కొలుచుకుంటోంది.

కన్నులు లెక్కపెడుతుందేమో అన్నది పాత అనుమానం. మారియన్ పెట్రీ అనే పరిశోధకురాలు 1991లో, కన్నులు ఎక్కువున్నవాడికే జతలు ఎక్కువని చూపింది. తర్వాత కొన్ని కన్నులు కత్తిరిస్తే వాడి గిరాకీ తగ్గింది. పెట్టలకు ఎంపిక లేకుండా జతకట్టించి చూస్తే, మేలైన పింఛంవాడి పిల్లలు బాగా ఎదిగాయి. 2008లో జపాన్ నుంచి ఏడేళ్ల పరిశీలన వచ్చి ఆ మోజేమీ కనబడలేదంది. వెంటనే డాక్యుమెంటరీ గొంతులవాళ్ల ప్రాణం లేచొచ్చింది, చూశారా ఎంపికా లేదు గింపికా లేదని. తర్వాత కెనడా పరిశోధకులు తేల్చిందేమంటే, మామూలు మగనెమళ్ల మధ్య కన్నుల లెక్కలో తేడా అంతంతమాత్రమే, బాగా తక్కువున్నవాడు మాత్రం గల్లంతు. అందరూ ఒకే మార్కులు తెచ్చుకుంటే పరీక్షే జరగలేదనడం ఎక్కడి తెలివి? తరతరాలుగా పెట్టలు తక్కువవాళ్లను ఏరిపారేయబట్టే మిగిలినవాళ్లంతా ఒకే అచ్చు. మిగిలినవాళ్లలో కన్నుల నీలాకుపచ్చ మెరుపును బట్టి జతలు పడుతున్నట్టు వాళ్లే చూపారు.

ఆవిడకి ఇంత పట్టింపు ఎందుకంటే, వాడిచ్చేది ఆ కొద్ది క్షణాలే. గూడు కట్టడు, గుడ్లు పొదగడు, పిల్లల్ని మేపడు. దాదాపు నాలుగు వారాలు నేలమీద ఒంటరిగా కూర్చునేది ఆవిడ. చాకిరీ ఎవరిదో ఎంపిక వాళ్లది, అది ఆడా మగా అన్న లెక్క కాదు. ఫాలరోప్ అనే నీటిపక్షిలో గుడ్లు పొదిగేది మగపక్షి. అక్కడ మెరిసే రంగులు ఆడపక్షివి, మగదాని కోసం ఆడవాళ్లే కొట్టుకుంటాయి. మరి ఆ మగపక్షి దుష్టచాపల్యం మాటేమిటి, మివార్ట్ గారూ?